పంపు ఆన్ చేస్తే తూకం ఎగురుతోందా? లోడ్‌సెల్ సిగ్నల్‌లో గ్రౌండ్ లూప్, షీల్డ్, క్రాస్‌టాక్ తప్పులు పట్టుకుని సరిచేసే పద్ధతి

మే నెల చివరికి వచ్చేసరికి చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అన్నా, ట్రయల్‌కి పంపు ఆన్ చేస్తే ఫిల్లర్ తూకం ఎగురుతా ఉంది. ఇండికేటర్ మార్చేదా?" చాలాసార్లు ఇండికేటర్ బాగానే ఉంటుంది, లోడ్‌సెల్ కూడా బాగానే ఉంటుంది. తప్పు ఆ రెండింటి మధ్య వైరింగులో ఉంటుంది. దాన్ని ఏ వరుసలో వెతకాలో ఒక్కసారి పూర్తిగా రాయమని చాలామంది అడిగారు, అందుకే ఇది.

ఉదాహరణకు గత సీజన్‌కి ముందు నేను చూసిన ఒక యూనిట్‌నే తీసుకుంటాను. తోతాపురి గుజ్జును 215 కిలోల డ్రమ్ముల్లో నింపే అసెప్టిక్ ఫిల్లర్ అది. కింద ప్లాట్‌ఫాం, దానికి నాలుగు లోడ్‌సెల్‌లు, ఒక్కోటి 250 కిలోలది. నాలుగింటి వైర్లూ ఒక జంక్షన్ బాక్స్‌లో కలుస్తాయి. అక్కడి నుంచి ఒకే కేబుల్ 40 మీటర్ల దూరంలోని ప్యానెల్‌లో ఉన్న ఇండికేటర్‌కి పోతుంది.

## 1. ముందు ఒక లెక్క వేసుకోండి

లోడ్‌సెల్ రేటింగ్ వోల్టుకు 2 మిల్లీవోల్టులు. ఇండికేటర్ ఇచ్చే ఎక్సైటేషన్ 5 వోల్టులు. అంటే ప్లాట్‌ఫాం మీద పూర్తి 1000 కిలోలు పెట్టినా వచ్చే సిగ్నల్ 10 మిల్లీవోల్టులే. దాన్ని వెయ్యితో భాగిస్తే ఒక కిలోకి 10 మైక్రోవోల్టులు.

ఈ అంకెను కాగితం మీద రాసి ప్యానెల్ తలుపుకి అంటించుకోండి. ఇకపై ఏ గోలనైనా దీనితోనే కొలుస్తాం. తూకం 4 కిలోలు ఊగుతోందంటే ఎక్కడి నుంచో 40 మైక్రోవోల్టులు చొరబడుతున్నాయన్నమాట. పక్క ట్రేలో 415 వోల్టుల మోటారు కేబుల్ పోతుంటే, అందులో కోటి వంతు లోపలికి వచ్చినా మనకు 4 కిలోల తేడా.

మీ మెషీన్ రేటింగులు వేరేగా ఉంటే లోడ్‌సెల్ లేబుల్ చూసి మీ అంకె మీరే కట్టుకోండి.

## 2. సిద్ధం చేసుకోవాల్సినవి

- ఏసీ మిల్లీవోల్టులు చూపించే మల్టీమీటర్, బ్యాటరీతో నడిచేది
- మిల్లీఆంపియర్లు కొలిచే లీకేజ్ క్లాంప్ మీటర్. మామూలు క్లాంప్ మీటర్‌కి ఇంత చిన్న కరెంటు కనపడదు
- రెండు 350 ఓమ్‌ల రెసిస్టర్లు, రెండూ ఒకే విలువ ఉన్నవి
- హీట్‌ష్రింక్ స్లీవ్, చిన్న స్క్రూడ్రైవర్, మార్కర్, వైర్ నంబర్ టేపు
- ఒక నోటుపుస్తకం

పనిలోకి దిగేముందు రెండు జాగ్రత్తలు. ఇండికేటర్‌పై తూనికలు కొలతల శాఖ సీలు ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. మనం చేసేదంతా సీలు బయటి వైరింగులోనే. సీలు తీయక తప్పదనిపిస్తే లైసెన్స్ ఉన్న రిపేరర్‌ని పిలిపించి మళ్ళీ ముద్ర వేయించుకోవాలి.

రెండోది, ఈ పనిలో ఎక్కడా సేఫ్టీ ఎర్త్ తీయకూడదు. గ్రౌండ్ లూప్ తెగుతుందని కంప్యూటర్ త్రీపిన్ ప్లగ్‌లో పైపిన్ను విరగ్గొట్టినవాళ్ళను చూశాను. తూకం నిలబడింది, నిజమే. కానీ తడి నేల మీద నిలబడి ఆ కంప్యూటర్ బాడీ పట్టుకున్నవాడికి ఇక రక్షణ లేదు. మనం విప్పేది సిగ్నల్ షీల్డును మాత్రమే, ఎర్త్‌ని కాదు.

## 3. ఏది ఆన్ చేస్తే ఎంత ఊగుతుందో రాసుకోండి

ప్లాట్‌ఫాం ఖాళీగా ఉంచి, అన్నీ ఆపేసి, ఒక్కొక్కటే ఆన్ చేస్తూ ప్రతిసారి రెండు నిమిషాలు చూడండి. ఇండికేటర్‌లో ఫిల్టర్ సెట్టింగ్ ఉంటే దాన్ని కనిష్ఠానికి తగ్గించండి, లేకపోతే అది గోలను దాచేస్తుంది. ఆ యూనిట్‌లో నేను రాసుకున్నవి ఇవి:

- అన్నీ ఆఫ్, కంప్యూటర్ కేబుల్ పీకేసి: కదలిక లేదు
- కంప్యూటర్ సీరియల్ కేబుల్ పెట్టగానే: అటూఇటూ 1 కిలో
- గుజ్జు పంపు డ్రైవ్ ఆన్: అటూఇటూ 4 కిలోలు
- ఫిల్లింగ్ వాల్వ్ మూసుకునే క్షణంలో: 6 కిలోల కుదుపు, కంటికి కనపడి మాయం

ఈ జాబితాలోనే సగం జవాబు ఉంది. కంప్యూటర్ కేబుల్‌తో మారేది సాధారణంగా గ్రౌండ్ లూప్. డ్రైవ్‌తో వచ్చేది షీల్డ్ గానీ కేబుల్ దారి గానీ. ఒక వాల్వ్ కదిలినప్పుడే వచ్చే కుదుపు దాదాపు ఎప్పుడూ క్రాస్‌టాక్, అంటే పక్క వైరులోని గోల మన సిగ్నల్ వైరులోకి దూకడం.

ఇంకో లక్షణం కూడా గమనించండి. కొన్నిసార్లు తూకం గబగబా ఎగరదు, పది సెకన్లకోసారి మెల్లగా పైకీ కిందకీ ఊగుతుంది. చూసినవాళ్ళు లోడ్‌సెల్ వేడికి డ్రిఫ్ట్ అవుతోందనుకుంటారు. ఇండికేటర్ సెకనుకు పదిసార్లు చదువుతూ, ఆ క్షణంలో కరెంటు ఫ్రీక్వెన్సీ 49.9 హెర్ట్జ్ ఉంటే, 50 హెర్ట్జ్ గోల సరిగ్గా అలాంటి నెమ్మది ఊపుగానే కనపడుతుంది. నిజమైన వేడి డ్రిఫ్ట్ ఒకే దిక్కుకు పోతుంది, ఊగదు.

## 4. మూడు చోట్ల డమ్మీ పెట్టి తప్పును చుట్టుముట్టండి

ఈ గైడ్ మొత్తంలో ముఖ్యమైన పని ఇదే. దీన్ని వదిలేసి నేరుగా ఫెర్రైట్ రింగులు, ఫిల్టర్లు కొనేవాళ్ళే ఎక్కువ.

డమ్మీ తయారీ సులువు. రెండు 350 ఓమ్ రెసిస్టర్లను వరుసగా కలపండి. ఒక కొస ఎక్సైటేషన్ ప్లస్‌కి, రెండో కొస ఎక్సైటేషన్ మైనస్‌కి. మధ్య కలిసిన చోటికి సిగ్నల్ ప్లస్, సిగ్నల్ మైనస్ రెండింటినీ కలపండి. సెన్స్ వైర్లు ఉంటే వాటి ఎక్సైటేషన్ వైర్లతోనే కలపండి. ఇప్పుడు ఇండికేటర్‌కి సున్నా సిగ్నల్ అందుతుంది. అయినా అంకె ఊగితే ఆ ఊపు లోడ్‌సెల్‌ది కాదని ఖాయం. సిగ్నల్ వైర్లు రెండూ ఊరికే షార్ట్ చేసి వదిలేస్తే చాలదు. అవి గాల్లో తేలుతూ ఉంటే ఇండికేటర్ పిచ్చి అంకెలు చూపించి మిమ్మల్ని దారి తప్పిస్తుంది.

మొదటి చోటు: ఇండికేటర్ టెర్మినళ్ళ దగ్గర. 40 మీటర్ల కేబుల్‌ని పూర్తిగా విప్పేసి డమ్మీ పెట్టండి. ఇక్కడా ఊగితే తప్పు ఇండికేటర్ సప్లైలో గానీ, దానికి తగిలించిన కంప్యూటర్ కేబుల్‌లో గానీ ఉంది.

రెండో చోటు: జంక్షన్ బాక్స్ దగ్గర. కేబుల్‌ని మళ్ళీ ఇండికేటర్‌కి కలిపి, అవతలి కొసన లోడ్‌సెల్‌లు విప్పేసి డమ్మీ పెట్టండి. మొదటి చోట లేని ఊపు ఇక్కడ వస్తే తప్పు కేబుల్‌ది, అంటే షీల్డ్ లేదా అది పోయే దారి.

మూడో చోటు: లోడ్‌సెల్‌లను కలిపి. ఇక్కడ మాత్రమే ఊగితే తప్పు జంక్షన్ బాక్స్‌లోనో లోడ్‌సెల్‌లోనో ఉంది. ఒక్కో లోడ్‌సెల్‌నే కలిపి చూడండి.

మా యూనిట్‌లో మొదటి చోట పంపు ఆన్ ఉన్నా అంకె నిలబడింది, కంప్యూటర్ కేబుల్ పెడితేనే 1 కిలో ఊగింది. రెండో చోట పంపు ఆన్ చేయగానే 3 కిలోలు ఊగింది, వాల్వ్ కుదుపు కూడా అక్కడే దొరికింది. లోడ్‌సెల్‌లు కలిపితే అదనంగా వచ్చింది ఏమీ లేదు. మేనేజర్ అప్పటికే నాలుగు కొత్త లోడ్‌సెల్‌లకు కొటేషన్ తెప్పించుకుని ఉన్నాడు.

## 5. గ్రౌండ్ లూప్‌ని కొలిచి తెంచండి

ఒకే సిగ్నల్ దారిని రెండు చోట్ల ఎర్త్ చేస్తే, ఆ రెండు ఎర్త్‌ల మధ్య ఉన్న వోల్టేజీ తేడా మన వైరు గుండా కరెంటు తోస్తుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటాం. ఫ్యాక్టరీలో ఏ రెండు ఎర్త్‌లూ సరిగ్గా సమానంగా ఉండవు. పైగా మన వైపు రాతి నేల. సీజన్‌కి ముందు ఎండల్లో ఎర్త్ గుంతలు ఎండిపోయి ఉంటాయి.

కొలత ఇలా:

1. సిగ్నల్ కేబుల్ మొత్తాన్ని లీకేజ్ క్లాంప్‌లో పెట్టండి. లోపలి వైర్లలో కరెంటు పోయి తిరిగి వస్తుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మీటర్‌లో కనపడేది షీల్డులో పారే కరెంటు.
2. జంక్షన్ బాక్స్ దగ్గర షీల్డును ఫ్రేమ్ నుంచి విప్పండి.
3. విప్పిన షీల్డుకి, ఫ్రేమ్‌కి మధ్య ఏసీ వోల్టేజీ కొలవండి.

మాకు క్లాంప్‌లో 120 మిల్లీఆంపియర్లు, షీల్డు విప్పాక 0.42 వోల్టులు వచ్చాయి. 40 మీటర్ల సన్నటి డ్రెయిన్ వైరు రెసిస్టెన్స్ సుమారు 3.5 ఓమ్‌లు, 0.42ని దానితో భాగిస్తే 120 మిల్లీఆంపియర్లే. లెక్క కుదిరింది కాబట్టి లూప్ దారి మనం అనుకున్నదే. కుదరకపోతే ఇంకెక్కడో మరో ఎర్త్ తగులుతోందని అర్థం. కేబుల్ గ్లాండ్ దగ్గర తోలు తెగి షీల్డ్ బాక్స్‌కి ఆనుకుని ఉందేమో చూడండి.

0.42 వోల్టులకు తూకం ఎందుకు అంత ఊగుతుంది? రెండు సిగ్నల్ వైర్ల మీదా సమానంగా వచ్చిన వోల్టేజీని ఇండికేటర్ కొట్టేస్తుంది, కానీ పూర్తిగా కాదు. లక్షలో ఒక వంతు మిగిల్చినా 4.2 మైక్రోవోల్టులు, అంటే అర కిలో లోపే. వైర్లు రెండూ సమానంగా లేకపోతే అది పదివేలలో ఒక వంతుకి దిగజారుతుంది. అప్పుడు 42 మైక్రోవోల్టులు, నాలుగు కిలోల పైమాట. మంచి ఇండికేటర్లు ఇందులో 50 హెర్ట్జ్ భాగాన్ని బాగా అణిచేస్తాయి. డ్రైవ్ నుంచి వచ్చే ఎక్కువ ఫ్రీక్వెన్సీ గోలను అంత బాగా అణచలేవు. పంపు ఆన్ చేసినప్పుడే ఎక్కువ కనపడింది అందుకే.

కంప్యూటర్ వైపు లూప్‌కి మందు వేరు. ఆర్ఎస్-232 కేబుల్‌లోని గ్రౌండ్ వైరు ఇండికేటర్‌ని ఆఫీసు గది ఎర్త్‌కి కట్టేస్తుంది. మధ్యలో ఆప్టో ఐసోలేటర్ ఒకటి పెడితే డేటా పోతుంది, కరెంటు పోదు. ఒక్కటి చూసుకోండి. ఐసోలేటర్‌కి రెండు వైపులా ఒకే అడాప్టర్‌తో సప్లై ఇస్తే లూప్ మళ్ళీ కలిసిపోతుంది, పెట్టి లాభం లేదు.

ఇక్కడ జనం చేసే పెద్ద తప్పు ఇన్‌స్ట్రుమెంట్లకు విడిగా ఒక "క్లీన్ ఎర్త్" గుంత తవ్వి, దాన్ని మెయిన్ ఎర్త్‌తో కలపకుండా వదిలేయడం. దీంతో రెండు ఎర్త్‌ల మధ్య తేడా తగ్గదు, పెరుగుతుంది. పిడుగు పడితే వందల వోల్టులు మన ఇండికేటర్ గుండానే సర్దుకుంటాయి. గుంతలు ఎన్ని ఉన్నా అన్నీ ఒకదానికొకటి కలిసే ఉండాలి.

## 6. షీల్డ్ ఎక్కడ కట్టాలి

తూకం సిగ్నల్ కేబుల్ షీల్డ్‌ని ఇండికేటర్ వైపు ఒక్క చోటే ఎర్త్ చేయండి. జంక్షన్ బాక్స్ వైపు దాన్ని విప్పి, హీట్‌ష్రింక్ వేసి, బాక్స్ బాడీకి తగలకుండా వదలండి. లోడ్‌సెల్‌ల సొంత షీల్డులను బాక్స్‌లో ఈ షీల్డుతో కలపొచ్చు, కానీ ముందు ఒక్క పరీక్ష చేయాలి. లోడ్‌సెల్ లోహపు బాడీకి, దాని కేబుల్ షీల్డుకి మధ్య కంటిన్యుటీ చూడండి. కొన్ని తయారీల్లో అవి లోపలే కలిసి ఉంటాయి. అలాంటివాటిని మెయిన్ కేబుల్ షీల్డుతో కలపకండి, కలిపితే ఫ్రేమ్ గుండా లూప్ మళ్ళీ తయారు.

డ్రైవ్ నుంచి మోటారుకి పోయే కేబుల్‌కి మాత్రం సరిగ్గా ఉల్టా నియమం. దాని షీల్డ్ రెండు కొసలా, వెడల్పాటి క్లాంపుతో, ఎర్త్ కావాలి. గోల పుట్టేచోటే దాన్ని వెనక్కి పంపే దారి అది. ఈ రెండు నియమాలూ తారుమారు చేసిన ప్యానెళ్ళు చాలా చూశాను.

చిన్నవే కానీ ఫలితం మార్చేవి:

- ప్యానెల్‌లో ఫాయిల్ ఒలిచిన పొడవు 3 సెంటీమీటర్లు మించకూడదు
- డ్రెయిన్ వైరును జానెడు పొడవు తోకలా లాగి ఎర్త్ చేయొద్దు, దగ్గరలోనే కట్టండి
- ఒక కొసన ఎర్త్ చేశాక 50 హెర్ట్జ్ తగ్గి డ్రైవ్ గోల మిగిలితే, విప్పిన కొసకి, ఫ్రేమ్‌కి మధ్య 10 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టి చూడండి. 50 హెర్ట్జ్‌కి అది మూడు లక్షల ఓమ్‌ల పైన అడ్డు, ఒక మెగాహెర్ట్జ్‌కి 16 ఓమ్‌లే

షీల్డ్ ఏం చేయలేదో కూడా తెలియాలి. అల్యూమినియం ఫాయిల్ పక్క వైరులోని వోల్టేజీని ఆపుతుంది గానీ 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని ఆపదు. దానికి మందు మెలితిప్పిన జతలు, దూరం.

మా యూనిట్‌లో షీల్డు జంక్షన్ బాక్స్ వైపు విప్పగానే క్లాంప్ సున్నా చూపింది. పంపు ఆన్ ఉండగా ఊపు 3 నుంచి 1 కిలోకి తగ్గింది. మిగిలిన ఆ ఒక్క కిలో కోసం తర్వాతి పని.

## 7. క్రాస్‌టాక్: ఖాళీ కోర్లే కొంప ముంచుతాయి

మెయిన్ కేబుల్ ఆరు జతలది. తూకానికి మూడు జతలు సరిపోతే, "మిగతావి ఖాళీగానే ఉన్నాయి కదా" అని ఎవరో ఫిల్లింగ్ వాల్వ్ 24 వోల్టుల కాయిల్ వైర్లను అందులోనే పంపారు. సరిగ్గా 215 కిలోల దగ్గర వాల్వ్ మూసుకునేటప్పుడు కాయిల్ నుంచి పెద్ద వోల్టేజీ దెబ్బ వచ్చి పక్క జతలోని సిగ్నల్‌ని తన్నుతుంది. అదే క్షణంలో ఇండికేటర్ తూకాన్ని పట్టుకుని రికార్డు చేస్తుంది. అంకె తప్పు, కానీ డ్రమ్ములో గుజ్జు సరిగ్గానే ఉంటుంది. కొన్ని రోజులు తలపట్టుకున్నారు పాపం.

సరిచేసే వరుస:

1. వాల్వ్ వైర్లను సిగ్నల్ కేబుల్ నుంచి తీసి వేరే కేబుల్‌లో పంపండి. దీనికి ప్రత్యామ్నాయం లేదు.
2. డీసీ కాయిల్ టెర్మినళ్ళకు 1ఎన్4007 డయోడ్ పెట్టండి, గీత ఉన్న కొస ప్లస్ వైపు. తిప్పి పెడితే షార్ట్ అవుతుంది. కాయిల్ 230 వోల్టుల ఏసీ అయితే డయోడ్ కాదు, 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ ఆర్‌సీ స్నబ్బర్ పెట్టాలి.
3. డయోడ్ పెట్టాక వాల్వ్ కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా మూసుకుంటుంది. డ్రమ్ము కొంచెం ఎక్కువ నిండితే ఇండికేటర్‌లో ముందస్తు కటాఫ్ విలువను ఆ మేరకు సర్దండి.
4. సిగ్నల్ కేబుల్‌ని మోటారు కేబుల్ ట్రే నుంచి తీసి కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో వేరే ట్రేలో వేయండి. దాటక తప్పని చోట అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించండి.
5. సిగ్నల్ ప్లస్, మైనస్ ఒకే జతలో ఉన్నాయో లేదో చూడండి. ఎక్సైటేషన్‌కి ఇంకో జత. రంగులు చూసి ఒక జతలో ఎరుపు, మరో జతలో నలుపు వాడితే మెలికల ప్రయోజనం మొత్తం పోతుంది.
6. మిగిలిన ఖాళీ కోర్లను ఇండికేటర్ వైపు మాత్రమే ఎర్త్ చేయండి.

కేబుల్‌ని వేరే ట్రేలోకి మార్చి, వాల్వ్ వైర్లు తీశాక, ఆ యూనిట్‌లో పంపు నడుస్తుండగా ఊపు 0.2 కిలోలకు దిగింది. ఆ ఇండికేటర్ చూపించగలిగిన అతి చిన్న మెట్టు అంతే.

## 8. తడి చేసే మోసం

మూడో చోట, అంటే లోడ్‌సెల్‌లు కలిపినప్పుడు మాత్రమే ఊపు వస్తే, ముందు జంక్షన్ బాక్స్ మూత తీయండి. షిఫ్టు చివర హోస్‌పైపుతో కడిగే చోట నీళ్ళు గ్లాండ్ గుండా దిగి టెర్మినళ్ళ మీద చేరతాయి. ఆ తడి సిగ్నల్‌ని ఫ్రేమ్‌కి లీక్ చేస్తుంది. మీరు ఎంతో జాగ్రత్తగా తెంచిన గ్రౌండ్ లూప్ మళ్ళీ కలుస్తుంది. కడిగిన గంటకి తప్పు వచ్చి, మధ్యాహ్నానికి ఆరిపోయి దానంతటదే పోతే అనుమానం దీని మీదే.

లోడ్‌సెల్ వైర్లన్నీ బాక్స్ నుంచి విప్పి, ఒకటిగా కలిపి, బాడీకి మధ్య ఇన్సులేషన్ చూడండి. మంచి సెల్‌కి వెయ్యి మెగాఓమ్‌ల పైనే ఉండాలి. పరీక్ష వోల్టేజీ 50 వోల్టులు చాలు. మోటార్లకు వాడే 500 వోల్టుల మెగ్గర్‌ని లోడ్‌సెల్‌కి తగిలించొద్దు, లోపలి స్ట్రెయిన్ గేజ్ ఇన్సులేషన్ దెబ్బతింటుంది.

బాక్స్‌ని గ్లాండ్లు కిందికి చూసేలా తిప్పి బిగించండి. కేబుల్‌కి గ్లాండ్ ముందు చిన్న వంపు కిందికి వదిలితే నీళ్ళు అక్కడే కారిపోతాయి. లోపల ఒక సిలికా జెల్ సంచి వేసి, రంగు మారితే మార్చండి.

## 9. తిరిగి కలిపాక చూడాల్సినవి

- [ ] క్లాంప్ మీటర్‌లో షీల్డ్ కరెంటు సున్నాకి దగ్గర
- [ ] ప్రతి సేఫ్టీ ఎర్త్ వెనక్కి బిగించి ఉంది
- [ ] 3వ అంచెలో రాసుకున్న జాబితా మళ్ళీ అదే వరుసలో చేశారు, పక్కన కొత్త అంకెలు ఉన్నాయి
- [ ] తగ్గించిన ఫిల్టర్ సెట్టింగ్ పాత విలువకి తెచ్చారు
- [ ] తెలిసిన బరువు రాయి ప్లాట్‌ఫాం నాలుగు మూలలా పెట్టి చూశారు
- [ ] పంపు, వాల్వ్, కంప్యూటర్ అన్నీ నడుస్తుండగా పది డ్రమ్ములు నింపి, వేరే కాటా మీద మళ్ళీ తూచారు
- [ ] ఏ షీల్డ్ ఎక్కడ విప్పి ఉందో ప్యానెల్ డ్రాయింగ్ మీద రాశారు

చివరిదాన్ని వదలొద్దు. ఆ యూనిట్‌లో రెండు నెలల తర్వాత కొత్తగా వచ్చిన ఎలక్ట్రీషియన్ జంక్షన్ బాక్స్ తెరిచి, హీట్‌ష్రింక్ వేసిన షీల్డుని చూసి "ఎవరో కట్టడం మర్చిపోయినారు" అనుకుని ఫ్రేమ్‌కి బిగించేశాడు. మరుసటి రోజు పొద్దున నాకు మళ్ళీ ఫోన్. ఈసారి బాక్స్ మూత లోపలివైపు మార్కర్‌తో రాసి వచ్చాను: షీల్డ్ ఇక్కడ కట్టవద్దు, ప్యానెల్‌లో కట్టి ఉంది.